కొలబద్ద ముందే రాసిచ్చాను

ఏలూరులో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో మా అందరి దగ్గరా ఒక సర్వరోగ నివారిణి ఉండేది. ఏ సంస్కరణ గురించి అడిగినా చివర్లో ‘కొంతమేరకు విజయవంతమైంది’ అని రాసేవాళ్ళం. అడిగినవాడికీ నష్టం లేదు, రాసినవాడికీ లేదు.

కొత్తగా వచ్చిన ఎకనామిక్స్ మాస్టారికి ఆ వాక్యం పడేది కాదు.

“ఏ కొలతకి కొంతమేరకండీ? కొలత చెప్పకుండా మెచ్చుకుంటే భజన, తిడితే చాడీ. మార్కులు రెండింటికీ రావు.”

ఆ వారం ప్రశ్న: కాలువల నిర్వహణను రైతుల నీటి సంఘాలకు అప్పగించిన సంస్కరణ విజయవంతమైందా? ముందు కొలబద్దలు రాసిచ్చెయ్యాలి. వాటిలో ఏది అన్నిటికంటే ముఖ్యమో, ఎందుకో చెప్పాలి. ఆ తర్వాతే ఎవరి ఊరి కాలువ వాళ్ళు చూసొచ్చి జవాబు రాయాలి. మధ్యలో కొలబద్ద మార్చడానికి వీల్లేదు.

నాకు నవ్వొచ్చింది. భీమడోలు దగ్గర మా ఊరి సంఘానికి అధ్యక్షులు మా నాన్నగారే. ఎన్నికలు జరగడం, పూడిక తీయడం లాంటివి కిందికి నెట్టి, ‘శివారు చేనుకు నీరు అందిందా?’ అన్నదే ముఖ్యమని ధీమాగా రాసిచ్చాను. నీటి సంఘాల చట్టం తెచ్చిందే అందుకు కదా. పైగా, మా నాన్నగారి హయాంలో నీళ్ళు అందకపోవడమా!

ఆదివారం తూము దగ్గర నుంచి కాలువ గట్టు పట్టుకుని కిందికి నడిచాను. తూముకి కొత్త రంగు, దాని మీద నాన్నగారి పేరు. పూడిక నిజంగానే తీశారు. కానీ దారి పొడవునా నీళ్ళు చేపల చెరువుల్లోకి దిగిపోతున్నాయి. వాటిలో ఒకటి మాదే. ఆ చెరువు చేపలమ్మిన డబ్బుతోనే నా కోచింగ్.

చివరి చేను నెర్రెలిచ్చింది. రెండో పంటగా వేసిన దాళ్వా వరి ఎర్రబడిపోయింది. గట్టు మీద కూర్చున్న ముసలావిడ నన్ను చూసి లేచి నిలబడింది.

“నాన్నగారు కులాసాగా ఉన్నారాండీ?” అంది.

“నీళ్ళు రావట్లేదాండీ?”

“మాకలవాటేనండీ. ఆయనకేం చెప్పకండమ్మా, బాధపడతారు.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిరుగు దారిలో మాత్రం బుర్ర చురుగ్గా పనిచేసింది. కొలబద్దను ‘పూడిక తీశారా?’ అని మార్చేస్తే ఎంత హాయి! కానీ కాగితం మాస్టారి దగ్గరుంది.

ఎన్నికలు సక్రమంగా జరిగాయని, పూడిక తీశారని, ముఖ్యమైన కొలతలో మాత్రం మా ఊళ్ళో సంస్కరణ విఫలమైందని రాశాను. ఎందుకో కూడా రాశాను, మా చెరువుతో సహా. క్లాసులో మొదటి మార్కు నాదే.

మార్కులు వచ్చిన పేపరు చూపించమని నాన్నగారే అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

“ఈ కొలబద్ద ఎవరు పెట్టారమ్మా?”

“నేనేనండి.”

“ముందు నన్నొక మాట అడగాల్సింది. ఎన్నికలు జరిగాయా అని పెట్టమనేవాడిని.”

“ఇప్పుడైతే అందుకే అడగనండి నాన్నగారూ. అప్పుడు మాత్రం, ఈ కొలబద్దకి మీరు నెగ్గుతారనుకుని అడగలేదు.”

ఆయన పేపరు మడిచి నా చేతికిచ్చారు. పది రోజులు నాతో మాట్లాడలేదు.