మూత పెట్టిన పన్నెండు నిమిషాలు

రాగి సంగటి ఎలా చేయాలో ఫోన్లో చెప్పి చెప్పి మా అక్కకు విసుగొచ్చింది. అక్క అంటే నా తోడికోడలు. వల్లూరులో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె కూతురికి పెళ్లయి తుమకూరులో కాపురం పెట్టింది. వారానికి రెండుసార్లయినా ఫోన్ చేసి నీళ్లెన్ని, పిండెంత అని అడిగేది. అక్క చెప్పేది, ఆ పిల్ల మరిచిపోయేది.

ఒకరోజు అక్క మా ఇంటికొచ్చి, "నువ్వు ఫోన్లో ఏందేందో అతికిస్తావు గదా. నేను చేసేది తీసి దానికి పంపించు. నా నోరు పోతా ఉండాది" అంది.

నేను సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోతాను. తెల్లవారుజామున పోయి, ఎండ ముదరకముందే వచ్చేస్తాను. పొద్దంతా ఖాళీగా ఉంటానని అక్క లెక్క. నాకూ సరదాగానే అనిపించింది. మా తమ్ముడి పెళ్లి ఫోటోలకు పాట కలిపి వీడియో చేసిన అనుభవం ఉంది కాబట్టి ఇదెంత పని అనుకున్నాను.

ఆదివారం అక్క వంటింట్లో చిన్నా పెద్దా కలిపి ఇరవై మూడు క్లిప్పులు తీశాను. సగం వాటిలో ఆవిరి కమ్ముకుని తెల్లగా ఉంది. రెండింట్లో అక్క వంట ఆపి, కిటికీలోంచి ఎవరితోనో రేషన్ సంగతి మాట్లాడుతోంది. అన్నిటికంటే పెద్ద చిక్కు కొలత. పిండి దోసిళ్లతో వేసేసింది.

"ఎంత వేసినావక్కా?"

"చూస్తివి గదా."

"దోసిలి అని రాస్తే నీ కూతురి దోసిలి ఎంత, నీ దోసిలి ఎంత?"

"అది నా కూతురే గదప్పా."

మరుసటి రోజు మళ్లీ కూర్చోబెట్టి, ఆమె దోసిళ్లను గ్లాసులోకి పోయించి కొలిచాను. బియ్యం ఒక గ్లాసు, పిండి రెండు, నీళ్లు ఆరు. మూడూ వరసగా పెట్టి ఒక క్లిప్పు తీసుకుని ఇంటికొచ్చి చూస్తే, ఆదివారం కట్టిన ఆకుపచ్చ చీర బదులు నీలం చీర కొంగు పక్కన వేలాడుతోంది. కొంగు కనబడకుండా ఆ క్లిప్పును పెద్దది చేసి, గ్లాసులు మాత్రమే ఉంచాను.

తర్వాత అక్షరాల పని. బియ్యం మీద తెల్ల అక్షరాలు పెడితే తెల్లలో తెలుపు కలిసిపోయింది. వెనక నల్లపట్టీ వేశాను. కింద పెడితే అక్క చేతుల మీద పడ్డాయని పైకి జరిపాను. అందమైన అక్షరాలు ఎంచుకుంటే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి. మళ్లీ మామూలు అక్షరాలకే వచ్చాను. "బాగా కలపండి" అని రాస్తే అక్క ఒప్పుకోలేదు.

"సంగటిని ఎవరన్నా కలుపుతారా? గెలుకుతారు. గెలకండి అని రాయి."

రాశాను. ఇంతలో ఆమె కూతురు ఫోన్ చేసి, వీడియో ఎంతసేపుందో కనుక్కుని, "పిన్నీ, చిన్నగా చెయ్యి. అంత పొడుగు వీడియో నేను చూడలేను" అంది. నేను మాటలు, దగ్గులు, గరిటె వెతుక్కోవడం, చేయి కడుక్కోవడం, అన్నీ కోసేశాను. ఎసరు మరిగింది, బియ్యం ఉడికింది, పిండి పడింది, గెలికే కట్టె దిగింది, ముద్ద తయారయింది. మొత్తం రెండున్నర నిమిషాలు. ఎక్కడా తడబాటు లేదు. నా పనితనం చూసి నేనే మురిసిపోయి పంపించాను.

రెండు రోజుల తర్వాత అక్క గోడవతల నుంచి నన్ను పిలిచిన పిలుపులోనే తేడా తెలిసింది. ఫోన్ స్పీకర్లో ఆమె కూతురు మాట్లాడుతోంది.

"వీడియోలో ఎట్లుంటే అట్లే చేసినా పిన్నీ. లోపలంతా పచ్చి పిండి గడ్డలు. మా అత్త ఒక తుంపు నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేసింది."

"పిండి వేసినాక మూత పెట్టినావా?" అంది అక్క.

"మూత యాడుండాది వీడియోలో? పిండి వేస్తానే కట్టె పెట్టి గెలికినావు నువ్వు."

అక్క నా వైపు చూసింది. "నేను వండేది తప్పు చేయలేదు మే. నువ్వు కోసేది తప్పు చేసినావు. నా పరువు దాని అత్తగారింట్లో పోయింది."

నాకు ఒళ్లు మండింది. చిన్నగా చెయ్యమన్నది ఆ పిల్ల. కొలత చెప్పనిది ఈమె. మూడు మధ్యాహ్నాలు నడుం వాల్చకుండా కూర్చున్నది నేను. ఆ మాటే అనేసి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. కాసేపటికి ఉండబట్టలేక ఫోన్ తెరిచాను.

పిండి వేసిన క్లిప్పు పక్కనే కట్టె దిగిన క్లిప్పు అతికి ఉంది. పిండి క్లిప్పు చివరను వేలితో లాగాను. కోసిన ముక్క ఎక్కడికీ పోదు, లాగితే మళ్లీ బయటికొస్తుంది. అందులో అక్క మూత పెట్టింది. చేయి కిందికి పోయి మంట తగ్గించింది. అంతే, అయిదు సెకన్లు. ఏమీ జరగట్లేదని నేను తీసేసిన తోక అది.

తప్పు నాదే. అది ఒప్పుకోవడం కంటే, ఎంతసేపు మగ్గాలో తెలుసుకోవడం ఇంకా కష్టమైంది. గోడ దగ్గరికి పోయి అడిగాను.

"ఒక బకెట్ బట్టలు ఆరేసుకొచ్చినంత సేపు" అంది అక్క, నా వైపు చూడకుండానే.

"అట్ల రాయలేను అక్కా. నిమిషాలు చెప్పు."

"నేను గడియారం చూసి వండతానా?"

అప్పుడు తట్టింది. ప్రతి క్లిప్పు వివరాల్లోనూ తీసిన సమయం ఉంటుంది. పిండి క్లిప్పు పది పద్నాలుగుకు మొదలై ఒక నిమిషం నడిచింది. కట్టె క్లిప్పు పది ఇరవై ఏడుకు మొదలైంది. మధ్యలో పన్నెండు నిమిషాలు. నేను ఫోన్ ఆపేసి గడపలో కూర్చున్న పన్నెండు నిమిషాలు.

ఆ అయిదు సెకన్లూ వెనక్కి తెచ్చి, "మూత పెట్టి, సన్న మంట మీద పన్నెండు నిమిషాలు. అప్పుడే గెలకొద్దు" అని రాశాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆ తర్వాతి క్లిప్పులన్నీ అయిదు సెకన్లు వెనక్కి జరిగాయి, అక్షరాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పళ్లెంలో ముద్ద చేస్తుంటే తెర మీద ఏమీ లేదు. మూత పెట్టి ఉండగానే "గెలకండి" అని వస్తోంది. ఈసారి ఆ పిల్ల కాపురమే చెడిపోయేలా ఉంది. ఒక్కొక్క అక్షరపు ముక్కనూ పట్టుకుని దాని క్లిప్పు కిందికి లాగి, మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చూసుకున్నాను. ఈసారి పంపేముందు అక్కను కూర్చోబెట్టి చూపించాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చూసింది. మూత దగ్గర తలూపింది.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది. పంపించు" అంది. క్షమించినట్టూ లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. పోతూ పోతూ గిన్నెలో పులుసు పెట్టిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె కూతురు నున్నటి ముద్ద ఫోటో పంపింది. అత్త రెండోసారి పెట్టించుకుందట. ఆ వెంటనే నాకు ఫోన్ చేసింది.

"చానా బాగా వచ్చినాది పిన్నీ. ఆ మూత దగ్గర మాత్రం కొంచెం సేపు ఊరికే ఉండాది. అది తీసేస్తే బాగుంటాది."

నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాలేమీ లేవు.