తాళం తీసినా పట్టేసే చక్రం

సారపాకలో కరెంటు బండ్లు బాగుచేసే ఖాలిద్‌కు ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఏ బండి వచ్చినా ముందు తాళంచెవి తీసి కరెంటు ఆపేస్తాడు, స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతాడు. హారన్ మోగడం లేదని వచ్చినవాడి బండికీ అదే మర్యాద. చూసేవాళ్లకు నవ్వులాట. చక్రం సాఫీగా తిరిగేదాకా ఖాలిద్ మాత్రం ఇంకో పని ముట్టడు.

పోయిన వానాకాలంలో వీరన్న వచ్చాడు. మిల్లులో కాంట్రాక్టు పని అతడిది.

"భాయ్, దిగుడుల బండిని ఎనక నుంచి ఎవలో గుంజినట్టు అయితున్నది. ఉత్తగ నూకినా బరువే."

వీరన్న పాత బండికి మోటారు నడుమ ఉండేది, చెయిన్‌తో చక్రాన్ని తిప్పేది. యాక్సిలేటర్ వదిలితే సైకిల్‌లా జారిపోయేది. కొత్తదాని మోటారు వెనక చక్రం లోపలే. యాక్సిలేటర్ వదిలినా బ్రేకు నొక్కినా ఆ మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది, ఆ పనిలో బండిని కాస్త పట్టి ఆపుతుంది, దాన్నే రీజెన్ అంటారు. బండి మార్చినవాళ్లంతా మొదట్లో ఈ ఫిర్యాదే తెస్తారు. ఖాలిద్ అందరికీ చెప్పేదే చెప్పాడు.

"గది రీజెన్ అన్నా. అలవాటైతది, పో."

ఉత్తగ నూకినా బరువేనని వీరన్న అన్న రెండో మాట ఖాలిద్ చెవికెక్కలేదు.

నాలుగో రోజు మణుగూరు వైపు అడవి దిగుడులో, తడి రోడ్డు మీద, వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. పడ్డ వీరన్న మళ్లీ లేవలేదు.

నెలన్నరకు అతడి భార్య పుష్ప ఆ బండిని నెట్టుకుంటూ షాపుకొచ్చింది. ఒళ్లంతా చెమట. బ్యాటరీ తీసి ఇంట్లోనే పెట్టి వచ్చింది.

"పోయినంక ఆయనే ఈ బండిని పట్టుకున్నడంటున్నరు భాయ్, ఊర్ల అందరు. నూకుతుంటే నాకు గూడ ఎనక ఆయన ఉన్నట్టే అనిపిస్తది. ఉన్నడంటే బండి అమ్మను. నువ్వే చెప్పు."

ఖాలిద్ చక్రం తిప్పాడు. కుదుపు కుదుపుగా కదిలి ఆగిపోయింది. రీజెన్ కావాలంటే తాళంచెవి తిప్పి బండి ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. మోటారుకు కరెంటు పంచే కంట్రోలర్ పెట్టె నుంచి దానికి పోయే మూడు లావు వైర్లను విప్పి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి మళ్లీ తిప్పాడు. ఈసారి హాయిగా తిరిగింది. మోటారు బాగానే ఉంది. కంట్రోలర్ లోపల షార్టయి దాన్ని పట్టేస్తోంది.

"ఇడిచిపెట్టిండు," అంది పుష్ప. కళ్లనిండా నీళ్లు.

నోరు మూసుకుంటే చాలు, తప్పంతా దయ్యం మీదికి పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఖాలిద్‌కు తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఆయన కాదక్కా. కంట్రోలర్ కరాబైంది. ఉత్తగ నూకినా బరువుందని అన్న చెప్పిండు. నేనే ఇనలే. ఆ రోజు తాళం తీసి చక్రం తిప్పి చూస్తే దొరికేది."

"ఎంతసేపు పడుతుండె?"

"రెండు నిమిషాలు."

పుష్ప ఇంకా తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపింది.

"అంటే ఇన్నొద్దులు నా ఎనక ఎవ్వలు లేరన్నట్టు," అంది.