రాబిన్సన్ పగటి నిద్ర

రాబిన్సన్ నిద్రపోవడానికి చేసుకునే హంగామా ఇంకెవరింట్లో పెళ్లికీ జరిగి ఉండదు. గని కాలనీలో మా గోడా వాళ్ల గోడా ఒకటే కాబట్టి నాకు అన్నీ తెలుసు. అతను ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి మోసే డంపర్ నడిపేవాడు. దాని చక్రమే మనిషి కన్నా ఎత్తు. నైట్ షిఫ్టు పడిన వారాల్లో పొద్దున్నే ఇంటికొచ్చి, తిని, పగలు పడుకోవాలి. చంద్రపూర్ ఎండల్లో పగటి నిద్ర మాటలు కాదు. అందుకని కిటికీకి నల్ల రెక్సిన్ కొట్టించాడు, కూలర్‌లో గడ్డి మార్పించాడు, గోల్ బజార్‌లో వెంకన్న కళ్లద్దాల దుకాణానికి పోయి పసుపు రంగు అద్దాలు కొన్నాడు.

“ఫోన్ల నీలం వెలుతురు ఉంటది రాబిన్సన్. గదే నిద్రను తింటది. గివి పెట్టుకుంటే ఎంతసేపు చూసినా ఏం గాదు,” అన్నాడు వెంకన్న. అమ్ముకునేవాడు అట్లాగే చెప్తాడు. రాబిన్సన్‌కు మాత్రం అందులో ‘ఎంతసేపు చూసినా’ అన్న మాట తెగ నచ్చింది.

అప్పటినుంచి పసుపు అద్దాలు పెట్టుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని, చర్చి సంఘం వాట్సాప్ గ్రూపు చూసేవాడు. మా తెలుగు సంఘానికి రాబిన్సన్ చాలా ఏళ్లు సెక్రటరీ. ఈసారి ఎన్నికల్లో జనం అతణ్ణి దింపి అమోసును కూర్చోబెట్టారు. అమోసు అదే గనిలో మట్టి తవ్వే షావెల్ నడుపుతాడు, మంచివాడు, కాస్త నత్తి ఉంది. ఆ నత్తివాడి చేతిలో ఓడిపోయానన్నది రాబిన్సన్ కడుపులో ముల్లులా ఉండిపోయింది. మంచం ఎక్కగానే గ్రూపులో ఒక పుల్ల పెట్టేవాడు. జవాబు వచ్చేదాకా ఆగేవాడు, వచ్చాక ఊరుకునేవాడు కాదు. అతను పళ్లు కొరుక్కుంటూ వాయిస్ మెసేజీలు పంపడం గోడ ఇవతల నాకు వినిపించేది.

భార్య ప్రేమలత ఆసుపత్రిలో నర్సు. మనిషి నెమ్మది గానీ మాట సూటిగా ఉంటుంది. ఒకరోజు వాకిట్లో బియ్యం ఏరుతూ అతనితో అన్నది నేను విన్నాను.

“మా డాక్టర్ మేడంను అడిగిన. ఫోన్ వెలుతురుతోని నిద్ర జరంతనే వెనక్కి పోతదట, గా అద్దాలతోని లాభం ఉన్నట్టు గట్టి రుజువే లేదట. పొద్దుగాల నువ్వు బండి మీద వచ్చేటప్పుడు మొఖం మీద కొట్టే ఎండ ఫోన్ కన్నా వందల రెట్లు ఎక్కువ. అప్పుడేమో అద్దాలు జేబుల ఉంటయ్, చీకటి అర్రలకొచ్చి పెట్టుకుంటవ్. నీ నిద్రను తింటున్నది వెలుతురు కాదు. అమోసన్న మీద కోపం. దాన్ని ఏ అద్దం ఆపుతది?”

“నువ్వు సూదులు గుచ్చుకో పో. నాకు చెప్పేటంత దానివైనవా?” అన్నాడు రాబిన్సన్.

“ఫోన్ బంద్ చెయ్యమంటలేను. తిన్నంక వంటింట్ల కూసోని ఒక అరగంట ఏమన్న చూస్కో, గ్రూపు మాత్రం లేచినంకనే తెరువు. ఫోన్ అక్కడ్నే చార్జింగ్‌కు పెట్టి, ఒట్టి చేతులతోని మంచం ఎక్కు. లేపనీకి గడియారం కొంట. గని నుంచి ఏమన్న అర్జెంటుంటే నా నంబరుకు చేస్తరు.”

ఏ కళనున్నాడో గానీ ఒప్పుకున్నాడు. ఒక వారం అట్లాగే చేశాడు. మొదటి రెండు రోజులు మంచం మీద అటూ ఇటూ దొర్లాడట, తర్వాత సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఆ వారం అతని గురక విని నేను కూడా సంతోషించాను. డ్యూటీకి పోతూ నాకు నమస్తే పెట్టాడు, అది ఎన్నడూ లేదు.

ఆ ఆదివారం అమోసు సెక్రటరీగా మొదటిసారి సంఘంలో ప్రార్థన చేశాడు. భయంతో నత్తి ఎక్కువైంది. ఒకే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఎవరో దాన్ని వీడియో తీసి గ్రూపులో పెట్టారు. రాబిన్సన్‌కు అది పండగైంది. మర్నాడు డ్యూటీ నుంచి రాగానే వంటింట్లోంచి ఫోన్ తెచ్చుకుని, అద్దాలు పెట్టుకుని, పగలంతా మంచం మీదే ఆ వీడియోతో ఆడుకున్నాడు. అమోసు ఆగిన ప్రతిచోటా గాడిద అరుపు అతికించాడు. గ్రూపులో వదిలి, ఎవరెవరు చూశారో, ఎవరు నవ్వారో చూసుకుంటూ పడుకున్నాడు. తిట్టినవాళ్లకు తిట్లు, నవ్వినవాళ్లకు థాంక్స్. గోడ ఇవతల నాకు పొద్దుగూకేదాకా గాడిద అరుపే. నేను వెళ్లి తలుపు కొట్టలేదు, ఆ మూర్ఖుడితో నాకెందుకు అనుకున్నాను.

ప్రేమలత డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను ఎర్రటి కళ్లతో బూట్లు తొడుక్కుంటున్నాడు. “ఈ ఒక్కపూట సెలవు పెట్టు,” అని ఆమె బతిమాలింది. “అద్దాలు పెట్టుకునే చూసిన, ఏం గాదు,” అని వెళ్లిపోయాడు.

ఆ షిఫ్టులో ఖాళీ డంపర్‌తో దిగుతూ స్టీరింగ్ మీదే తూలాడు. ఎంతసేపో కాదు, రెప్ప పడి లేచినంత. మట్టి పోసే డంప్ యార్డు దగ్గర బండ్లకు చెయ్యూపి దారి చూపే ఎల్లేష్ దారి పక్కన నిలబడి ఉన్నాడు. ఎల్లేష్ దేహాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ముఖం మీది గుడ్డ తీయనివ్వలేదు.

విచారణకు పెద్ద ఆఫీసర్లు వచ్చారు. యూనియన్ హాల్లో బెంచీలు వేశారు. మాలాంటి వాళ్లం వెనక నిలబడ్డాం. ఎల్లేష్ భార్య తలుపు పక్కన నేల మీద కూర్చుంది, కుర్చీ ఇస్తే వద్దంది.

“పగలు పొట్టనిండా పడుకున్న సార్. ఫోన్ చూసినా అద్దాలు పెట్టుకుంట. దారి మీద లైట్లు సరిగ లెవ్వు,” అన్నాడు రాబిన్సన్. చచ్చినవాడి భార్య ఎదురుగా ఉండగా ఎంత తొణక్కుండా అన్నాడో.

అమోసు లేచాడు. టేబుల్ మీద తన ఫోన్ పెట్టి, ఆ వీడియో నొక్కాడు. గాడిద అరుపు హాలంతా మారుమోగింది. ఎవరూ నవ్వలేదు. ఎల్లేష్ భార్య తల ఎత్తి చూసింది. అది అయిపోయాక అమోసు ఆ రోజు రాబిన్సన్ పంపిన మెసేజీలు, వాటి కింద ఉన్న టైములు ఒక్కొక్కటే చదివాడు. పొద్దున మొదలై సాయంత్రం దాకా ఉన్నాయి. నత్తితో చాలాసేపు పట్టింది. అమోసు గొంతులో కసి ఉంది, నేను విన్నాను. ఏ మాటా వదలకుండా, ఏ టైమూ మింగకుండా చదివాడు. ఆఫీసర్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

“ఎంతసేపు పడుకున్నవ్?” అని ఆఫీసర్ రాబిన్సన్‌ను మళ్లీ అడిగాడు.

డంపర్ చేతిలోంచి పోయింది. ఉద్యోగం సస్పెన్షన్‌లో, కేసు కోర్టులో. సంఘం గ్రూపులోంచి తీసేశారు. పగలూ రాత్రీ ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవరూ తిట్టడం లేదు, ఎవరూ పలకరించడం లేదు. నేనూ పలకరించను, నాకు అతని మీద జాలి రాలేదు.

మొన్న మధ్యాహ్నం వాళ్లింటికి గిన్నె ఇవ్వడానికి వెళ్లాను. ప్రేమలత అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. రాబిన్సన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం మాసిపోయింది.

“ప్రేమా, కండ్లు మూస్తే నిద్ర పడ్తలేదు,” అన్నాడు ఫోన్ చాపుతూ. “దీన్ని తీస్కపోయి వంటింట్ల పెట్టు. నువ్వు చెప్పినట్టే చేస్త.”

ఆమె ఫోన్ తీసుకుంది. మంచం పక్కనున్న ప్లగ్గులో చార్జర్ పెట్టి, ఫోన్‌కు తగిలించి, అతని దిండు మీదే పెట్టింది.

“చూస్కో,” అంది. “నీ నిద్రతోని ఇప్పుడు ఎవ్వరికి పని లేదు.”