పన్నెండు బై పదకొండు

న్యూజెర్సీలో, పిస్కాటవే అనే ఊళ్లో, మా ఆఫీసులో నన్ను టీమ్ లీడ్ చేసిన వారం, నా మెడ రెండంగుళాలు పొడుగైంది. ఎనిమిది మందికి లీడ్‌ని. అందులో ఏడుగురు అమెరికన్లు. ఎనిమిదోవాడు బాపట్ల వైపు కుర్రాడు, మనవాడే, నెమ్మదస్తుడు. ఆదివారం పొద్దున్నే తెలుగు ప్రార్థనకి ముప్పై మైళ్లు వెళ్లేవాడు, తిరిగొచ్చి మా ఇంట్లో గోంగూర పచ్చడి తినేవాడు. ఆఫీసులో నన్ను సార్ అనేవాడు, పచ్చడి దగ్గర అన్నయ్యగారూ అనేవాడు.

లీడ్‌గా నా మొదటి రాచకార్యం ఏడాది చివరి సెలవుల పట్టిక. మామూలుగా ఇలాంటివి మా సెక్రటరీ టైపు చేసేది. ఆవిడ ఆ వారం సెలవులో ఉంది. రెండు రోజులు ఆగితే వచ్చేసేది. కాని సింహాసనం మీద కూర్చున్న వాడు రెండు రోజులు ఆగుతాడా? నేనే టైప్‌రైటర్ ముందు కూర్చున్నాను. ఆంగ్ల సామ్రాజ్యం నా వేళ్ల కింద గడగడలాడింది.

ముందు పసుప్పచ్చ కాగితం మీద చిత్తు రాసుకున్నాను. తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నా, చెయ్యి మాత్రం ఇంకా హైస్కూల్లోనే ఉంది. తారీఖులన్నీ మనవైపు పద్ధతిలో, రోజు ముందు, నెల తర్వాత రాశాను. టైపు చేసేటప్పుడు ఒక్కొక్కటే అమెరికా పద్ధతిలోకి తిప్పుకుంటూ వస్తున్నాను. మధ్యలో ఫోను మోగింది. పెద్ద మేనేజరు. మాట్లాడి వచ్చేసరికి ఏది తిప్పానో ఏది తిప్పలేదో తెలియలేదు. చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. థాంక్స్‌గివింగ్‌కి నెల పేరు అక్షరాల్లో ఉంది. క్రిస్మస్ సెలవు 24-12 అని ఉంది. న్యూ ఇయర్ సెలవు 12/31 అని ఉంది. అన్నిటి కింద, అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం: క్రిస్మస్ తర్వాతి వారం సెలవు కావలసినవాళ్లు 12/11 లోగా చీటీ ఇవ్వాలి, ఆ తర్వాత ఇచ్చిన చీటీలు చెల్లవు.

నా ఉద్దేశం నవంబరు పన్నెండు, శుక్రవారం. ఆ సాయంత్రమే సెలవు అడిగినవాళ్ల పేర్ల పట్టిక పై అంతస్తుకి పంపాలి. జిరాక్స్ తీసి, కాఫీ మెషీన్ పైన నాలుగు పిన్నులు గుచ్చి తగిలించాను. శాసనం చెక్కించిన చక్రవర్తిలా రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ కాగితం రక్తసిక్తమైంది. ‘ఆల్ ఎంప్లాయీస్ ఈజ్ రిక్వెస్టెడ్’ అని రాశానట. ‘ద హాలిడేస్ ఈజ్’ అని రాశానట. ఒక్కడి గురించి చెప్పేచోట ‘ఆర్’, పదిమంది గురించి చెప్పేచోట ‘ఈజ్’. ఎవరో ఎర్రపెన్నుతో ఒకటి దిద్దారు. కాఫీకొచ్చిన ప్రతివాడూ ఇంకొకటి వెతికి దిద్దాడు. దీన్ని వాళ్లు ఎంత ఇష్టంగా చేశారంటే ఆ వారం మా అంతస్తులో కాఫీ ఖర్చు మూడింతలైందని నా అనుమానం. నేనూ నవ్వాను. చెవులు మాత్రం ఎర్రపెన్నుకన్నా ఎర్రగా ఉన్నాయి.

కాగితంలోని ప్రతి మాటకీ సున్నా చుట్టారు. 12/11కి ఎవరూ చుట్టలేదు. అమెరికన్లకి అది డిసెంబరు పదకొండు. అది శనివారం, సరే శుక్రవారం ఇద్దాంలే అనుకున్నారు. మా బాపట్లవాడికి అది నవంబరు పన్నెండు. నాకూ అంతే. ఎవరి కళ్లకి వాళ్ల అర్థం అంత స్పష్టంగా ఉంటే ఎవరు అడుగుతారు?

నవంబరు పన్నెండున నా బల్ల మీద ఒకే ఒక చీటీ ఉంది. బాపట్లవాడిది. డిసెంబరు ఇరవై ఎనిమిదిన అతని భార్య, మూడేళ్ల కూతురు న్యూయార్క్‌లో దిగుతున్నారు. ఇతను బయల్దేరినప్పుడు ఆ పాప ఇంకా కడుపులో ఉంది. వీసా కోసం ఇన్నాళ్లు తిరగ్గా తిరగ్గా ఇప్పటికి దొరికింది. పాప ఫొటో ఒకటి అతని డ్రాయర్లో ఉండేది, రోజుకి నాలుగుసార్లు డ్రాయర్ తెరుచుకునేది. మిగతావాళ్లు సెలవు అడగకపోవడం చూసి, ఈ అమెరికన్లు ఎంత కష్టజీవులో అని మురిసిపోయి, ఒక్క పేరుతో పట్టిక పైకి పంపాను.

సోమవారం పట్టిక గోడెక్కింది. అరగంటలో ఏడుగురూ నా గదిలో ఉన్నారు. అందరికన్నా సీనియరు నా మెమో కాపీ ఒకటి పట్టుకొచ్చి, డిసెంబరు పదకొండుకి ఇంకా నెల ఉందే అన్నాడు. అప్పుడు చూశాను ఆ అంకెల్ని. నాది తప్పని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే ఏం లాభం, అందరూ మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఆయన న్యాయం రెండు నిమిషాల్లో అయిపోయింది. గడువు గందరగోళం కాబట్టి వచ్చిన ఆ ఒక్క చీటీ రద్దు. సెలవులు సీనియారిటీ ప్రకారం మళ్లీ పంచాలి, ఆ వారం ఒకరు మాత్రం ఆఫీసులో ఉండి తీరాలి.

అందరికన్నా జూనియరు ఎవరో చెప్పనక్కర్లేదు.

నేను మేనేజరు గదికి మళ్లీ వెళ్లాను. అతని బదులు నేను కూర్చుంటానన్నాను. ఉద్యోగులకు ఏడాది చివర పంపే పన్ను కాగితాలు అచ్చువేసే ప్రోగ్రాం అతనిది. ఇరవై ఎనిమిది మధ్యాహ్నం దాని పరీక్షకి పెద్ద కంప్యూటర్ మీద సమయం తీసుకున్నారు. మేనేజరు జాలిగానే చూశాడు.

“నువ్వు ప్రోగ్రాం రాసి రెండేళ్లైంది. మధ్యలో ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు?”

లీడ్ అయినవాడికి మెమోలు రాయడం తప్ప ఏమీ రాదని ఆయనకి తెలుసు. అదీ రాదని ఊరంతటికీ తెలుసు. ఏడుగురినీ ఒక్కొక్కరినే అడిగాను. అందరికీ ఆ ప్రోగ్రాం కొత్త, అందరికీ పిల్లలున్నారు, అందరూ సారీ చెప్పారు.

బాపట్లవాడికి నేనే వెళ్లి చెప్పాను. అతను డ్రాయర్ మూసేశాడు.

“పర్లేదు సార్. ప్రభువు చిత్తం.”

ప్రభువుది కాదు నాయనా, నాది అనాలనిపించింది.

ఇరవై ఎనిమిదిన ఎయిర్‌పోర్ట్‌కి నేను వెళ్లాను. ఆ అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వచ్చి, నన్ను చూసి, నా వెనక చూసింది. నా వెనక ఎవరూ లేరు.

“ఆయనేరండీ?”

“ఆఫీసులో ఇరుక్కుపోయాడమ్మా. నా వల్లే.”

ఎలా నా వల్లో చెప్పడానికి తారీఖుల కథ మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆవిడ వినడం లేదు. పాప నా కోటు అంచు పట్టుకుని, “నాన్నేనా?” అని తల్లిని అడిగింది. “కాదమ్మా, అంకుల్” అంది ఆవిడ. పాప నమ్మినట్టు లేదు. ఫొటోలో చూసిన నాన్నకీ నాకూ మీసం ఒకటే.

కార్‌ని తిన్నగా ఆఫీస్‌కి పోనిచ్చాను. ఐదు నిమిషాలు దిగి రమ్మని కింద గార్డు చేత ఫోను చేయించాను. అతను మెట్ల మీద పరిగెత్తుకొచ్చాడు, చేతిలో ఇంకా కంప్యూటర్ కాగితాల చుట్ట. భార్య ఏడ్చింది. అతను మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాడు. పాప గబుక్కున నా కాళ్ల వెనక దాక్కుని, నా ప్యాంటు రెండు చేతులా పట్టుకుంది. దారంతా నేను బిస్కెట్లు పెట్టాను మరి.

అతను చేతులు అలాగే చాచి కాసేపు ఉన్నాడు. పైనుంచి ఫోను వచ్చింది, ప్రోగ్రాం ఆగిపోయిందట. లేచి, మోకాళ్లు దులుపుకుని, “అన్నయ్యగారూ, వీళ్లని ఇంటికి తీసుకెళ్తారా” అన్నాడు. ఆఫీసులో అలా పిలవడం అదే మొదటిసారి.

కాఫీ మెషీన్ పైన ఆ మెమో ఫిబ్రవరి దాకా ఉంది. తీసేసే ధైర్యం నాకు రాలేదు. ఎర్రపెన్ను గుర్తులన్నీ వెలిసిపోయాయి. ఎవరూ చుట్టని ఆ రెండు అంకెలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి.