శుక్రవారం మేకు

గద్వాలలో వెంకటయ్య శెట్టి చీరల దుకాణంలో బాలకిష్టయ్య ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. అందులో పద్దెనిమిదేళ్ళు పెద్ద గుమాస్తా. పెళ్ళివారు గడప దాటుతుండగానే ఏ ధర చీర ముందు విప్పాలో చెప్పగలిగేవాడు. పట్టు అంచు నూలు చీరకు ఎక్కడ అతుకుతారో వేలితో తడిమి, ఆ అతుకును బట్టి నేసిన ఇల్లు ఏదో చెప్పేవాడు. అబద్ధమాడి చీర అమ్మాడని ఎవరూ అనలేదు. ఆయన ఆడిన అబద్ధం చీర గురించి కాదు, సెలవు గురించి.

1938 దాకా ఆ దుకాణంలో అమావాస్య ఒక్కటే సెలవు. ఆ ఏడు ఎండాకాలంలో పెళ్ళిళ్ళ బేరం నడుస్తుండగా ఇద్దరు మనుషులు ఒకే వారంలో జ్వరంతో పడ్డారు. మిగిలినవాళ్ళు తలా ఒక రోజు విశ్రాంతి అడిగారు. శెట్టి ఆలోచించి ఒప్పుకున్నాడు.

“వారానికొక దినం ఇస్త. కని దుకాణం తలుపు ఒక్క దినం గూడ మూయొద్దు. ఏ దినమైనా ఒక్కడే తగ్గాలె. గదెట్ల చేస్తవో నువ్వే చూసుకో బాలకిష్టయ్యా.”

దుకాణంలో ఉన్నది ఆయనతో కలిపి ఏడుగురు, వారానికి రోజులూ ఏడే. మనిషికొక రోజు పంచితే సరిపోతుందనుకున్నాడు. పంచబోతే తగాదా వచ్చింది. శనివారం మల్దకల్ స్వామికి పోతామని నలుగురు అడిగారు. మడతలు పెట్టే గౌస్ పాషా శుక్రవారం అడిగాడు, కొలతలు చూసే బాబు మియా కూడా శుక్రవారమే అడిగాడు. మంగళవారం ఎవరికీ అక్కరలేదు.

బాలకిష్టయ్య రెండు రోజులు ఆలోచించి గోడకు వరసగా ఏడు మేకులు కొట్టాడు. సర్కారు కచేరీలకు శుక్రవారం సెలవు ఉండేది ఆ రోజుల్లో, కాబట్టి వారాన్ని శనివారంతో మొదలుపెట్టి శుక్రవారంతో ముగించాడు. చీర మడతల్లో పెట్టే అట్టను ముక్కలు కోసి, ఒక్కొక్కరి పేరు రాసి, ఒక్కొక్క మేకుకు తగిలించాడు. శుక్రవారం సాయంత్రం దుకాణం కట్టేముందు ప్రతి అట్టా ఒక మేకు ముందుకు జరుగుతుంది. ఈ వారం సోమవారం సెలవున్నవాడికి వచ్చే వారం మంగళవారం. చివరి మేకు మీద ఉన్న అట్ట తిరిగి మొదటి మేకుకు వస్తుంది. ఏడు వారాల్లో ప్రతివాడూ ప్రతి రోజునూ చూస్తాడు. జుమా నమాజుకు పోయేవాళ్ళకు ఎప్పటిలాగే మధ్యాహ్నం గంటసేపు అనుమతి.

ఈ పద్ధతిలో ఆయన ముందుగా అనుకోని లాభం ఒకటి బయటపడింది. శుక్రవారం సెలవున్నవాడి అట్ట ఆ సాయంత్రమే శనివారం మేకు మీదికి వస్తుంది కదా. అంటే వాడికి వరసగా రెండు రోజులు. ఏడు వారాలకు ఒకసారి వచ్చే ఈ రెండు రోజులను దుకాణంలో జోడు అనేవారు. ఊరు దాటి పోవాలంటే జోడు రావాల్సిందే. పెళ్ళిచూపులు, మొక్కులు, దవాఖానకు పోవడాలు అన్నీ జోడు చూసుకునే పెట్టుకునేవారు.

గౌస్ పాషా భార్య షాహెదా కాన్పుకు వనపర్తిలో పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. నలభయ్యో రోజున పేరు పెట్టే వేడుక. గౌస్ పాషా మేకులు లెక్కపెట్టుకున్నాడు. నలభయ్యో రోజు సరిగ్గా తన శుక్రవారం నాడే పడింది. పొద్దున రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగితే బండి మీద మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. మరునాటి రైలుకు తిరిగి రావచ్చు. ఒక్క రోజు సెలవులో ఇది కుదరదు. మామకు కార్డు రాశాడు. పేరు తానే వచ్చి చెబుతాననీ, అప్పటిదాకా అడగవద్దనీ అందులో రాశాడు. దుకాణంలో మాత్రం చెప్పాడు. తన తల్లి పేరు, మెహరున్నిసా. తల్లి అతని ఆరో ఏట పోయింది.

ఆ వేడుక ఇంకా వారం ఉందనగా బాలకిష్టయ్య ఇంటికి మక్తల్ నుంచి బావమరిది వచ్చాడు. వచ్చే శుక్రవారం బండి కట్టుకుని అందరం మల్దకల్ పోదాం, రాత్రి అక్కడే ఉండి శనివారం దర్శనం చేసుకుందాం అన్నాడు.

“నాకు జోడు ఆ మీది వారం” అన్నాడు బాలకిష్టయ్య.

బావమరిది నవ్వాడు. “ఏడేండ్ల సంది పెద్ద గుమాస్తా అని చెప్పుకుంటవు బావా. రెండు దినాల సెలవుకు మడతలు పెట్టేటోల్లతోని కలిసి వరసల నిలబడతవా?”

భార్య రామేశ్వరమ్మ అన్నం వడ్డిస్తూ తల ఎత్తలేదు.

“వరస పెట్టినోన్ని నేనే” అన్నాడు బాలకిష్టయ్య. “అట్టలు నా చేతులనే ఉన్నయి.”

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం అందరూ గల్లాపెట్టె దగ్గర ఉండగా ఆయన అట్టలు జరిపాడు. గురువారం మేకు మీద ఉన్న గౌస్ పాషా అట్ట శుక్రవారానికి పోవాలి. బుధవారం మేకు మీద ఉన్న తన అట్ట గురువారానికి రావాలి. తన అట్టను శుక్రవారానికి తగిలించి, గౌస్ పాషా అట్టను గురువారం మీదనే ఉంచాడు.

శనివారం పొద్దున గౌస్ పాషా గోడ దగ్గర నిలబడిపోయాడు.

“బాలకిష్టన్నా, నా అట్ట జరగలే.”

బాలకిష్టయ్య విప్పుతున్న మూటలోంచి తల తీయకుండా చెప్పాడు. “శెట్టికి మల్దకల్ మొక్కు ఉన్నదట గౌసూ. చీర తీస్కపోయి శనివారం స్వామికి ఇయ్యమన్నడు. నన్నే పొమ్మన్నడు. నేనేం చేస్త?”

దేవుడి మొక్కు అనేసరికి గౌస్ పాషా గోడ మీది అట్టను ఒకసారి తడిమి చూశాడు. “నేనొకసారి శెట్టిని అడగాల్నా?” అన్నాడు.

“అడుగకు. సెలవుల పంచాయితి తన దాక తేవొద్దని నాకు అప్పజెప్పిండు. జర ఆగు, నేనే సమయం చూసి చెప్త. ఒప్పుకుంటే నీ అట్ట నీకే పెడత.”

ఆ చివరి మాట అనకుండా ఉంటే గౌస్ పాషా ఆదివారమే వనపర్తికి ఇంకో కార్డు రాసేవాడు. పేరైనా చేరేది. ఆ మాట నమ్మి ఆగాడు. గురువారం తన సెలవు రోజున కూడా సాయంత్రం దుకాణానికి వచ్చి అడిగాడు.

“కుదరదట గౌసూ” అన్నాడు బాలకిష్టయ్య.

శుక్రవారం తెల్లవారుతూనే బాలకిష్టయ్య బండి మల్దకల్ దారి పట్టింది. రైలు వనపర్తి రోడ్డు వైపు పోయింది. గౌస్ పాషా దుకాణంలో చీరలు మడతపెడుతున్నాడు. పది గంటలకు శెట్టి వచ్చాడు.

“ఏందిరా, ఇయ్యాల బిడ్డకు పేరు పెట్టుడు కదా. పోలే?”

“మీ మొక్కు చీర తీస్కోని బాలకిష్టన్న పోయిండు కద శెట్టీ. గందుకని.”

“ఏ మొక్కు?” అన్నాడు శెట్టి.

బీరువా దగ్గర చీరలు చూపిస్తున్న ఎల్లయ్య చేతులు ఆగిపోయాయి. ఆ మాట దుకాణంలో అందరూ విన్నారు. గౌస్ పాషా సగం పెట్టిన మడత పూర్తిచేసి, చీర పక్కన పెట్టి, ఇంకో చీర తీసుకున్నాడు.

“అన్న ఏదో పొరపాటు పడ్డడేమో” అన్నాడు.

వనపర్తిలో చుట్టాలు మధ్యాహ్నం దాటేదాకా చూశారు. ఆ తర్వాత మామ తన తల్లి పేరు పెట్టించాడు. పిల్ల పేరు కుబ్రా.

ఆదివారం పొద్దున బాలకిష్టయ్య మల్దకల్ ప్రసాదం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. అందరూ ప్రసాదం కళ్ళకద్దుకుని తీసుకున్నారు. శెట్టి మాత్రం తీసుకుంటూ, “నా మొక్కు తీరిందా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి పోయాడు.

బాలకిష్టయ్య ఆ రోజంతా చీరల ధరలు తప్పు చెప్పాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పలేదు. సాయంత్రం ఎల్లయ్యను పక్కకు పిలిచి, “ఎవరెవరికి తెల్సు?” అని అడిగాడు.

“తెల్వనోడెవడో చెప్పమంటే సులువైతది” అన్నాడు ఎల్లయ్య.

ఆ వారం శుక్రవారం గౌస్ పాషాది. వెళ్ళి బిడ్డను చూసుకుని ఆదివారం వచ్చాడు. అత్తగారింటివాళ్ళు ఇచ్చిన ఖర్జూరాలు, మిఠాయి తెచ్చి అందరికీ పంచాడు. బాలకిష్టయ్య వాటా అందరిదానికంటే తక్కువా లేదు, ఎక్కువా లేదు. చేతిలో పెట్టి, “మా కుబ్రా పేరు మీద, అన్నా” అన్నాడు. దెప్పడానికి అన్నాడేమోనని బాలకిష్టయ్య అతని ముఖం చూశాడు. దెప్పుడు కనిపించలేదు. కనిపించి ఉంటే ఎదురు మాట ఏదైనా అనగలిగేవాడు.

తర్వాత శుక్రవారం అట్టలు జరపడానికి ఆయన లేచాడు. ఎల్లయ్య ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

“అన్నా, చివరి మేకుకు ఎవని అట్ట వాడే తగిలించుకుంటడు. మిగతయి నువ్వే జరుపు.”

“ఎవరన్నరు గట్ల?”

“ఎవరనలే. అందరం అనుకున్నం.”

అది న్యాయమైన ఏర్పాటే. శుక్రవారం సాయంత్రం దుకాణంలో లేనివాడు ఆ రోజు సెలవున్నవాడొక్కడే. మరుసటి శుక్రవారం ఎవరికి దక్కుతుందో వాడు ఎదురుగానే ఉంటాడు. ఈ సంగతి పద్ధతి పెట్టిననాడే బాలకిష్టయ్యకు తట్టవచ్చు. తట్టలేదు. తన చేతికి కాపలా కావాలని ఆయన ఎందుకనుకుంటాడు?

అట్టలు తిరిగి తిరిగి ఆయన అట్ట గురువారం మేకు దాకా వచ్చింది. ఆ శుక్రవారం సాయంత్రం చివరి మేకుకు తగిలించుకోవలసినవాడు ఆయనే. బుధవారం మేకు మీద గౌస్ పాషా అట్ట ఉంది. బాలకిష్టయ్య తన అట్ట చేతిలోకి తీసుకుని అందరి ముందూ అన్నాడు.

“గౌసూ, నీ అట్ట తెచ్చి శుక్రవారానికి పెట్టుకో. నేను గురువారమే ఉంట. వరస ముందున్నట్లే అయితది.”

గౌస్ పాషా చేతిలో ఉన్న చీర మడత దింపలేదు.

“ఇప్పుడు పోయి ఎవరికి పేరు పెట్టాలె అన్నా?”

బాలకిష్టయ్య తన అట్టను తిరిగి గురువారం మేకు మీద పెట్టబోయాడు.

“నీ దినం నీకే ఉండనియ్యి” అన్నాడు గౌస్ పాషా మళ్ళీ, మామూలు గొంతుతో. “అందరు ఇండ్లకు పోవాలె, జర తొందరగ పెట్టు.”

బాలకిష్టయ్య అట్టను శుక్రవారం మేకుకు తగిలించాడు. రంధ్రం మేకుకు అందక రెండుసార్లు జారింది. ఐదుగురూ చూస్తూ నిలబడ్డారు. నిజానికి వాళ్ళు నాలుగు వారాలుగా ఎవరి అట్టనైనా అలాగే చూస్తున్నారు.

మరుసటి శుక్రవారం, తన సెలవు నాడు, ఆయన ఇంట్లో ఉండలేకపోయాడు. పది గంటలకు తలపాగా చుట్టుకుని దుకాణానికి బయలుదేరాడు. గడప దగ్గరే శెట్టి ఆపాడు.

“ఇయ్యాల నీ దినం. లోపటికి రావొద్దు. పద్ధతి నువ్వు పెట్టిందే.”

ఆయన తిరిగి వెళ్ళాడు. శనివారం రాలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు పనిచేశాడు. జోడు వచ్చిన ప్రతిసారీ అట్ట అందరి ముందూ తగిలించుకునేవాడు, ఆ రెండు రోజులూ ఊరు దాటేవాడు కాదు. మల్దకల్‌కు రామేశ్వరమ్మ తమ్ముడితో పోయేది. గౌస్ పాషా కూతురు నడక వచ్చాక అప్పుడప్పుడు తండ్రి కోసం దుకాణానికి వచ్చేది. అందరూ కుబ్రా, కుబ్రా అని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకునేవారు. బాలకిష్టయ్య మాత్రం బిడ్డా అనేవాడు.

ఒకసారి ఆ పిల్లే అడిగింది. “తాతా, నా పేరు నీకు తెల్వదా?”

“తెల్సు బిడ్డా” అన్నాడాయన, విప్పిన చీరను మళ్ళీ మొదటి నుంచి మడతపెడుతూ.