ముందు రద్దు, తర్వాత విచారణ

నరసరావుపేటలో ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నాకున్న ఒకే ఒక్క క్లయింటు మా మేనత్త. బొల్లాపల్లిలో ఆమెకు ఎరువుల కొట్టు. ఫీజు ఇచ్చేది కాదు గానీ తిట్లకు లోటు చేసేది కాదు.

ఆ ఏడు మిరప నాట్లప్పుడు వ్యవసాయ అధికారులు వచ్చి, డీఏపీ బస్తాలు కల్తీవేమోనని అనుమానించి, శాంపిల్ తీసుకుని, అక్కడికక్కడే లైసెన్సు సస్పెండ్ చేశారు. ముందు నోటీసు లేదు. ఆమె చెప్పేది త్వరలోనే వింటామని ఉత్తర్వులోనే రాశారు. నేను ఆవేశపడి హైకోర్టులో రిట్ వేసి, నోటీసు లేకుండా శిక్షేమిటని గొంతు చించుకున్నాను.

జడ్జిగారు శాంతంగా అడిగారు: "నోటీసిచ్చి జవాబు కోసం కూర్చుంటే, అప్పటికి ఆ బస్తాలు ఎక్కడుంటాయి?"

"చేలల్లో సార్," అన్నాను. నోరు జారింది.

"అందుకే ఆపారు. అయినా ఇది తాత్కాలికమే. మీ మాట విని ఎత్తేయొచ్చు కూడా. వెళ్లి చెప్పుకోండి."

పిటిషన్ కొట్టేశారు.

"ఏమే, నువ్వు నా తరఫా, వాళ్ల తరఫా?" అంది అత్త.

విచారణకు వెళ్లాం. శాంపిల్ బాగానే ఉందని తేలింది. సస్పెన్షన్ ఎత్తేశారు.

మరుసటి ఏడు, కొట్టు బయట స్టాకు బోర్డు మీద సుద్దతో రాసిన అంకెలకూ కొట్లోని బస్తాలకూ పొంతన లేదని ఏకంగా లైసెన్సు రద్దు చేశారు. ఈసారీ నోటీసు లేదు. మళ్లీ రిట్ వేశాం. అది బెంచి మీదికి వచ్చేలోపే అధికారి కబురంపారు, మీరు చెప్పేది వింటాం రమ్మని.

అత్త పట్టుచీర కట్టుకుని వెళ్లింది. జల్లు కొట్టి సుద్ద అంకెలు చెరిగిపోయిన సంగతి నుంచి తన మోకాళ్ల నొప్పుల దాకా అంతా చెప్పింది. అధికారి తలూపుతూ ఫోన్ చూసుకుంటున్నారు.

"సారూ, నా మాట నిజమైతే లైసెన్సు తిరిగిస్తారా?"

"రద్దు అయిపోయిందిగదమ్మా, ఇంకెట్టా మారుస్తాం? వినాలి గనక వింటున్నా."

"తాళి కట్టేసినాక పెళ్లిచూపులా సారూ! కాఫీ అన్నా ఇప్పించండి."

ఇప్పించారు.

హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు లేచి, తర్వాత విన్నాం కనుక లోపం తీరిపోయిందని, కిందటిసారి కోర్టే దీన్ని ఒప్పుకుందని వాదించారు. జడ్జిగారు ఒప్పుకోలేదు.

"అప్పుడు తొందర ఉంది, ఉత్తర్వు తాత్కాలికం. చెరిగిన సుద్ద అంకెలకు ఏం తొందరొచ్చింది? ఆఖరి నిర్ణయం తీసేసుకున్నాక వినేది మార్చుకోవడానికి కాదు, సమర్థించుకోవడానికి."

రద్దు ఉత్తర్వు కొట్టేశారు. చర్య తీసుకోవాలనుకుంటే నోటీసిచ్చి, విని, ఆ తర్వాతే నిర్ణయించమన్నారు.

నోటీసు వచ్చింది. అత్త దాన్ని కొట్టుకు వచ్చిన ప్రతి రైతుకూ పెళ్లి శుభలేఖలా చూపించింది. ఈసారి అధికారి ఫోన్ పక్కన పెట్టి, ఒక్కో బిల్లూ చూసి, బోర్డు సరిగా రాయనందుకు గట్టిగా మందలించి, లైసెన్సు ఉంచేశారు.

బయటికొచ్చాక అత్త ముఖం వెలిగిపోతోంది.

"చానా తిట్టాడు గానీ, విని తిట్టాడే," అంది.