కేసింగ్ రేటు చెప్పని బోరు

మా మల్లేశం బాబాయి చివరిగా చేసిన పని, అల్మాస్‌గూడలో ఇంటి ముందు ట్యాంకర్ నీళ్లు బకెట్లతో మోయడం.

బోరు కోసం ఎల్‌బీ నగర్‌లో ఇద్దరు బోరు బండి వాళ్లను అడిగాడు. వాళ్లలో జాన్సన్ అడుగుకు నూట ఇరవై చెప్పి, మూడొందల అడుగులు దాటితే పెరిగే రేటు, పైమట్టి కూలకుండా దింపే కేసింగ్ పైపు అడుగు ధర విడిగా రాసిచ్చాడు.

"గిన్ని లెక్కలేంది, దొంగ!" అని బాబాయి, కేసింగ్ మాటెత్తకుండా తొంభై అన్న రెండోవాడికి ఒప్పుకున్నాడు. బండి వచ్చాక వాడు కేసింగ్‌కు అడుగుకు ఏడొందలన్నాడు. రాయి తగిలేదాకా పైపు వేయక తప్పలేదు. మూడొందల అడుగులకే చేతిలో డబ్బు అయిపోయింది, బోరులో నీళ్లు పడలేదు.

"ఇంకా దింపాలంటే రేటు పెరుగుతది కాకా" అని వాడు బండి తీసుకుపోయాడు.

ఆ బకెట్లు మోస్తూనే బాబాయి చనిపోయాక పక్కింట్లో జాన్సన్ బోరు వేశాడు. మూడొందల నలభై అడుగులకు నీళ్లు పడ్డాయి. కేసింగ్‌తో కలిపి బాబాయికి అయినదానికంటే తక్కువే అయింది.